క్రాబ్ బ్రేక్ వేస్తే గర్డర్ పక్కకు ఊగుతోంది: కారణం, పరిష్కారం

సమస్య: బరువును ఎత్తి క్రేన్ మీద అడ్డంగా నడిచే ట్రాలీ, అంటే క్రాబ్, లోడుతో ఆగినప్పుడల్లా గాంట్రీ గర్డర్ పై ఫ్లాంజ్ పక్కకు వంగుతుంది. రైలు క్లిప్పుల బోల్టులు బిగించినా మళ్లీ వదులవుతాయి. కిందకు వంగడం మాత్రం హద్దులోనే ఉంటుంది.

ముందు ఒక పరీక్ష చేయండి. ఫ్లాంజ్ అంచు పక్కన సన్నని స్టీలు తీగ బిగించి కట్టి, లోడుతో క్రాబ్‌ను నడిపి బ్రేక్ వేయించండి. ఆ క్షణంలో తీగకూ అంచుకూ మధ్య దూరం మారితే తప్పు సర్జ్‌ది, అంటే క్రాబ్ ఆగినప్పుడు పడే పక్కతోపుది. క్రాబ్ నిలిచే ఉండి, క్రేన్ పొడవునా కదులుతుంటేనే చక్రాలు రాసుకుంటే రైళ్ల మధ్య దూరం కొలవండి, అది వేరే రోగం.

కారణం: ఎక్కువగా లెక్కలోనే ఉంటుంది. 10 టన్నుల క్రేన్, 6 మీటర్ల ఐఎస్ఎంబీ 500 గర్డర్, 3 మీటర్ల దూరంలో రెండు చక్రాలు అనుకుందాం. ఒక్కో చక్రం మీద 81 కిలోన్యూటన్లు. ఐఎస్ 875 ప్రకారం ఈఓటీ క్రేన్‌కు 25 శాతం ఇంపాక్ట్ కలిపితే 101.

చక్రాలను మధ్యకు అటూ ఇటూ సమానంగా పెడితే మూమెంట్ 152 కిలోన్యూటన్ మీటర్లు. కానీ గరిష్ఠం అక్కడ రాదు. ఒక చక్రం నడిమి నుంచి 0.75 మీటర్ల దూరంలో, రెండోది అటువైపు 2.25 మీటర్ల దూరంలో ఉన్నప్పుడు మొదటి చక్రం కింద 171 వస్తుంది.

సర్జ్ అంటే క్రాబ్ బరువు, ఎత్తే బరువు కలిపి 10 శాతం. ఇక్కడ 120 కిలోన్యూటన్లకు 12. ఒకవైపు చక్రాలే మోస్తాయనుకుంటే చక్రానికి 6, పక్క మూమెంట్ సుమారు 10. దీనికి ఇంపాక్ట్ కలపరు.

అసలు పొరపాటు ఇక్కడే. ఈ పక్కతోపు రైలు దగ్గర, అంటే పై ఫ్లాంజ్ మీద పడుతుంది. మొత్తం సెక్షన్‌కు పంచితే చదరపు మిల్లీమీటరుకు సుమారు 67 న్యూటన్లే. పై ఫ్లాంజ్ ఒక్కదానికే ఇస్తే 133. తప్పు లెక్కలో నిలువు మూమెంట్ 152 వల్ల 84, పక్కతోపు వల్ల 67 కలిపి 151, హాయిగా పాస్. సరైన లెక్కలో నిలువు మూమెంట్ 171 వల్ల 95, పక్కతోపు వల్ల 133 కలిపి 228, అనుమతించే 165ను దాటేసింది. గర్డర్ సొంత బరువు, పక్కకు మెలితిరిగే బక్లింగ్ ఇంకా చూడనే లేదు!

పరిష్కారం: కొత్త గర్డరైతే పై ఫ్లాంజ్ మీద చానెల్‌ను కాళ్లు కిందకు ఉండేలా వెల్డ్ చేయండి. ఉన్నదాన్ని బాగుచేయాలంటే ఇదే చేయొచ్చు గానీ, రైలు తీయాలి, పైగా చానెల్ వెబ్ మందం మేర రైలు మట్టం పెరుగుతుంది. కప్పు కింద ఖాళీ సరిపోతుందో కొలవండి. సరిపోకపోతే ఫ్లాంజ్ మట్టంలో అడ్డంగా సర్జ్ గర్డర్ కట్టడమే నాకు నచ్చే దారి.

చివర్లలో ఫ్లాంజ్‌ను స్తంభానికి కట్టే ముక్క పక్కతోపును మోయాలి, కానీ గర్డర్ చివర తిరగడాన్ని ఆపకూడదు. గట్టి బ్రాకెట్‌తో వెల్డ్ చేసేస్తే చక్రం దాటిన ప్రతిసారీ ఆ వెల్డ్ లాగబడుతుంది, కొన్నాళ్లకు అక్కడే పగులు కనిపిస్తుంది.