బయోమెట్రిక్స్‌కి బ్యాగుతో వెళ్లి వెనక్కొచ్చాను

అమెరికా వీసా వేలిముద్రల కోసం విజయవాడ నుంచి రాత్రి రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగాను. సెంటర్ హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లోనే ఉంటుంది కదా, తిన్నగా బ్లూ లైన్ ఎక్కేశాను. అపాయింట్‌మెంట్ 11:00కి. నేను 8:40కే వాకిట్లో ఉన్నాను, వీపున ల్యాప్‌టాప్, రెండు జతల బట్టలున్న బ్యాగుతో.

సెక్యూరిటీ ఆయన బ్యాగు చూసి, "ఇది లోపలికి రాదు సార్, పెట్టుకోడానికి మా దగ్గర చోటు లేదు. మీ టైమ్‌కి పావుగంట ముందు రండి" అన్నాడు. పక్క టీకొట్టులో వదిలేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. ఊరుకాని ఊరిలో ల్యాప్‌టాప్‌ని ఎవరికి అప్పగిస్తాం?

మళ్లీ మెట్రో ఎక్కి సికింద్రాబాద్ స్టేషన్ క్లోక్‌రూమ్‌కి పోయాను. అక్కడ ఇంకో మెలిక: తాళం లేని బ్యాగు తీసుకోరు, రైలు టికెట్ కూడా చూపించాలి. బయట చిన్న తాళం కొని జిప్పులు రెండూ కలిపి వేశాను. అప్పుడు రసీదు ఇచ్చారు. పాస్‌పోర్టు, వీసా దరఖాస్తు ఫారం DS-160 కన్ఫర్మేషన్ పేజీ, అపాయింట్‌మెంట్ ప్రింటు మాత్రం పారదర్శక ఫోల్డర్‌లో పెట్టుకుని 10:35కి తిరిగొచ్చాను. 10:45కి పిలిచారు. లోపల పని అరగంట కూడా పట్టలేదు.

మర్నాడు నానక్‌రామ్‌గూడలో ఇంటర్వ్యూకి ఫోల్డర్ ఒక్కటే పట్టుకెళ్లాను. స్మార్ట్‌వాచ్ కూడా లాడ్జి గదిలోనే వదిలేశాను.