గోడ అడుగున చెమ్మ: వానలకు ముందే చూసుకోవలసినవి

తిరుపతిలో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. మనం కింది అంతస్తు గోడలకు రంగులు వేయించేదేమో సరిగ్గా దసరాకు ముందు! సంక్రాంతి నాటికి గోడ అడుగున తెల్లటి ఉప్పు పూసి, రంగు పెళ్లలుగా రాలుతుంది. తిట్లు పెయింటరుకు పడతాయి.

వత్తి నూనెను పీల్చినట్టు ఇటుక నేలలోని తేమను పైకి లాగుతుంది. ఈ చెమ్మ సాధారణంగా మీటరు ఎత్తు దాటదు, పై అంచున ఉప్పు చార కనిపిస్తుంది. మచ్చ అంతకంటే పైన ఉన్నా, బాత్రూము వెనక గోడకే పరిమితమైనా ముందు పైపులను అనుమానించండి.

కొర్లగుంటలో మా మేనత్త ఇంటికి పునాది మీద, నేల తేమ పైకి ఎక్కకుండా ఆపే డీపీసీ పొర ఉంది. అయినా ముందు గది గోడ తడిసింది. ఎన్నోసార్లు రోడ్డు వేయడంతో బయటి నేల ఆ పొరను దాటి జానెడు పైకి వచ్చింది. ఆ పొర ఉన్నా నీరు దాని పైనుంచే లోపలికి చేరింది. పక్క సందులో మట్టి తవ్వించి, నేలను డీపీసీకి 15 సెంటీమీటర్ల కిందకు దించితే అటు గోడ మెల్లగా ఆరింది. వీధి వైపు రోడ్డును తవ్వలేం కాబట్టి గోడకు రంధ్రాలు వేసి క్రీము ఎక్కించే రసాయన డీపీసీ వేయించాం.

బయటి నేలకు 15 సెంటీమీటర్ల పైన, ఇటుక వరుసల మధ్య సిమెంటు సందులో, 12 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున 12 మిల్లీమీటర్ల రంధ్రాలు వేశారు. తొమ్మిదంగుళాల గోడకు లోతు 19 సెంటీమీటర్లు. పన్నెండడుగుల గోడకు ముప్ఫై రంధ్రాలు, వాటికి తేమను అడ్డుకునే సిలేన్ క్రీము ముప్పావు లీటరులోపు సరిపోయింది. దుమ్ము ఊదకుండా క్రీము ఎక్కిస్తే అది గోడకు అంటదు, దగ్గరుండి చూడండి. డ్రిల్లు పెట్టేముందు మెయిన్ స్విచ్ ఆపాలి.

ఈ రంధ్రాల వరుసకు కింది భాగం తడిగానే ఉంటుంది. మట్టితో కట్టిన పాత రాతి గోడల్లో సందులు తిన్నగా ఉండవు, అక్కడ ఈ పని నమ్మకంగా కుదరదు.

పాత పూతలో ఉప్పు ఉండిపోతుంది, అది గాలిలోని తేమను కూడా లాగుతుంది. అందుకే మచ్చకు అడుగు పైదాకా ఆ పూతను చెక్కించి తీసేయాలి. ఉప్పును పొడి బ్రష్‌తో దులపాలి, కడిగితే మళ్లీ గోడలోకే ఇంకుతుంది. తొమ్మిదంగుళాల గోడ ఆరడానికి అంగుళానికి నెల లెక్కన తొమ్మిది నెలలు పడుతుంది. ఈలోగా పుట్టీ, టైల్స్, వాటర్‌ప్రూఫ్ పెయింటు వేస్తే చెమ్మ ఇంకా పైకి ఎక్కుతుంది.

సెప్టెంబరు దాటిపోయి ఉంటే బయటి మట్టి దించి, కాలువ పూడిక తీయించండి. రంధ్రాల పని మార్చికి పెట్టుకోండి.