“నా మెయిల్ అడ్రస్ మీకు ఎలా దొరికింది?” అని అడిగితే

సమస్య

అంబాజీపేట దగ్గర మా బావగారికి కోకోపీట్ యూనిట్ ఉంది. కొబ్బరి పీచు తీసేటప్పుడు రాలే పొట్టును కడిగి, ఆరబెట్టి, ఐదు కిలోల బ్లాకులుగా నొక్కి ఎగుమతి చేస్తారు. బయటి దేశాల కొనుగోలుదారులకు మెయిళ్లు రాసే పని నాది. ఒకసారి నెదర్లాండ్స్‌లో గ్రీన్‌హౌస్‌లకు సరుకు కొనే ఒకాయన నుంచి ఒకే ఒక్క లైను వచ్చింది: “నా మెయిల్ అడ్రస్ మీకు ఎలా దొరికింది?” ధర గురించి గానీ, శాంపిల్ గురించి గానీ మాటే లేదు.

టెన్షన్‌లో మనం చేసే తప్పులు రెండు. జవాబివ్వకుండా ఊరుకుంటాం. లేదంటే “ఇంటర్నెట్‌లో దొరికిందండీ” అని ఒక ముక్క రాసి, కింద మళ్లీ రేట్ల పట్టిక పెడతాం. రెండింటికీ అవతలివాళ్లు స్పామ్ బటన్ నొక్కడానికే ఎక్కువ అవకాశం. ఆ నష్టం ఆ ఒక్క మెయిల్‌తో ఆగదు. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి, అంటే వెయ్యి మెయిళ్లకు మూడుకు చేరకూడదని జీమెయిల్ నియమం. అది దాటితే మన పాత కొనుగోలుదారులకు పంపే ఇన్‌వాయిస్ కూడా స్పామ్‌లో పడొచ్చు.

కారణం

జవాబు రాసే ముందు మెయిల్ అడ్రస్‌లు రాసుకున్న షీట్ తెరిచి ఆ అడ్రస్ ఉన్న వరస చూడండి. నేను చూసినప్పుడు ఆయన పేరు, కంపెనీ, మెయిల్ ఉన్నాయి, “ఎక్కడిది” అన్న గడి ఖాళీగా ఉంది. ఆ అడ్రస్‌ను కోట్ గుర్తుల మధ్య పెట్టి గూగుల్‌లో వెతికితే ఏమీ రాలేదు. వాళ్ల వెబ్‌సైట్‌లో ఉన్నది info@ అడ్రస్ ఒక్కటే. మా షీట్‌లో మాత్రం అదే కంపెనీవి నాలుగు వరసలున్నాయి, నాలుగూ పేరు, చుక్క, ఇంటిపేరు అనే ఒకే అచ్చులో ఉన్నాయి. దాన్నిబట్టి ఇవి ఎవరూ ఇచ్చినవి కావని, పేర్లు చూసి ఊహించి కట్టినవై ఉండాలని అర్థమైంది. మా బావగారిని అడిగితే, 1,200 అడ్రస్‌ల లిస్టు ఒక డేటా అమ్మేవాళ్ల దగ్గర కొన్నానన్నారు.

ఇక్కడే “మీ వెబ్‌సైట్‌లో చూశాం” అని రాసేయాలనిపిస్తుంది. రాయకండి. తన అడ్రస్ ఎక్కడ పెట్టాడో, ఎక్కడ పెట్టలేదో ఆ మనిషికి తెలుసు. అబద్ధమని ఒక్క నిమిషంలో తేలిపోతుంది.

పరిష్కారం

అదే రోజు, అదే మెయిల్‌కు రిప్లైగా రాయండి. మొదటి వాక్యంలోనే ఆయన అడిగినదానికి జవాబుండాలి. నేను ఇంగ్లిషులో పంపినదాని సారాంశం ఇది:

“మేము కొన్న ఒక లిస్టులో మీ అడ్రస్ ఉంది. అమ్మినవాళ్ల పేరు కింద ఇస్తున్నాను. వాళ్లు దాన్ని ఎలా సేకరించారో మేము కొనేముందు అడగలేదు, అది మా తప్పు. మా దగ్గర మీ పేరు, కంపెనీ, మెయిల్ తప్ప ఇంకేమీ లేవు. వాటిని లిస్టులోంచి తీసేశాను. మళ్లీ రాయకుండా ఉండేందుకు మీ అడ్రస్ ఒక్కటే ‘పంపకూడదు’ జాబితాలో ఉంచాను. మా నుంచి ఇక మెయిల్ రాదు.”

బ్లాకుల ఊసు, “మీకు ఆసక్తి ఉంటే” అన్న మాట ఇందులో లేవు. కొనాలనుకుంటే ఆయనే అడుగుతారు.

ఆ “పంపకూడదు” జాబితా సంగతి చాలామంది మరిచిపోతారు. అడ్రస్ పూర్తిగా చెరిపేస్తే, ఆరు నెలల తర్వాత ఇంకో లిస్టుతో పాటు అదే అడ్రస్ మళ్లీ వచ్చి చేరుతుంది, మళ్లీ మెయిల్ వెళ్తుంది. అందుకే అడ్రస్ మాత్రం విడిగా ఉంచి, ప్రతి పంపకానికి ముందు దానితో సరిచూసుకోవాలి.

అడ్రస్ నిజంగా వెబ్‌సైట్‌లోదో, ఎవరైనా చెప్పిందో అయితే పని తేలిక. ఆ పేజీ లింకు ఇవ్వండి, లేదా చెప్పినవాళ్ల అనుమతి తీసుకుని పేరు రాయండి.

మళ్లీ రాకుండా

యూరప్ వాళ్లకు సరుకు అమ్మజూపుతూ రాస్తే, మనం కోనసీమలో కూర్చుని రాసినా వ్యక్తిగత సమాచారాన్ని కాపాడే వాళ్ల జీడీపీఆర్ చట్టం వర్తిస్తుంది. మనిషి పేరుతో ఉన్న ఆఫీసు అడ్రస్ కూడా ఆ చట్టం కింద వ్యక్తిగత సమాచారమే. దాని 14వ ఆర్టికల్ ప్రకారం, వేరేచోట నుంచి తెచ్చుకున్న అడ్రస్‌కు రాస్తే అది ఎక్కడిదో ఆలస్యమంటే మొదటి మెయిల్‌లోనైనా చెప్పాలి. అంటే ఆయన అడగాల్సిన అవసరమే రాకూడదు.

ఇప్పుడు ప్రతి మొదటి మెయిల్‌లో “మీ సైట్‌లోని కొనుగోళ్ల పేజీలో మీ అడ్రస్ చూసి రాస్తున్నాను” లాంటి లైను ఒకటి పెడుతున్నాను. షీట్‌లో “ఎక్కడిది” గడి ఖాళీగా ఉంటే ఆ వరసకు మెయిల్ పంపను. ఆ 1,200 లిస్టును మా బావగారూ నేనూ కూర్చుని పక్కన పెట్టేశాం. డబ్బులు పోయాయని ఆయన బాధపడ్డారు, కానీ కాదనలేదు.