ఏటీఎం టాలీ అయింది, కస్టమర్‌కి మాత్రం డబ్బు రాలేదు: తప్పు ఎక్కడ దాక్కుంటుంది

విజయవాడలో ఏటీఎం రికన్సిలియేషన్ సెల్‌లో పొద్దున ఏడు గంటల షిఫ్టు చాలాకాలంగా చేస్తున్నాను. కొత్తగా వచ్చినవాళ్లు నన్ను అడిగేవి తిరిగి తిరిగి అవే రెండు మూడు సమస్యలు. ఎంట్రీ ఎలా పాస్ చేయాలో, జీఎల్ ఎక్కడ తెరవాలో మీకు తెలుసనే అనుకుని రాస్తున్నాను.

సమస్య: పొద్దున్నే లక్షల్లో తేడా

భయపడకండి, మ్యాచింగ్ కూడా మొదలుపెట్టకండి. ముందు చేతిలో ఉన్న ఫైలు పూర్తిగా వచ్చిందా లేదా చూడండి. ఏటీఎంలకీ ఖాతాలకీ మధ్య మెసేజ్‌లు నడిపే స్విచ్ ఇచ్చిన ఫైలు చివరి లైన్లో మొత్తం ఎన్ని లావాదేవీలో, ఎంత మొత్తమో ఉంటుంది కదా, దాన్ని మీరు లోడ్ చేసిన వరసల లెక్కతో పోల్చండి. ఒక్క నిమిషం పని. ఇది వదిలేసి, సగంలో తెగిన ఫైలు పెట్టుకుని రెండు గంటలు తేడా వెతికినవాళ్లని ఎంతమందిని చూశానో చెప్పలేను. ఆ తర్వాత నిన్న సాయంత్రం ముగింపులో క్యారీ ఫార్వర్డ్ చేసిన మొత్తం, ఈరోజు షీట్లో ఓపెనింగ్ ఒకటేనా చూడండి. ఈ రెండూ సరిగ్గా ఉంటే పెద్ద తేడా చాలావరకు రోజు మారే సమయం దగ్గరే దొరుకుతుంది. మా దగ్గర స్విచ్ రోజు రాత్రి 11కి మారుతుంది, ఖాతాలు నడిచే సీబీఎస్ రోజు ఇంకా ఆలస్యంగా మారుతుంది, కాబట్టి మధ్యలో తీసినవి ఒకవైపు నిన్నటి తేదీతో, ఇంకోవైపు ఈరోజు తేదీతో కనిపిస్తాయి. అవి మరుసటి రోజు ఫైలుతో వాటంతట అవే కలుస్తాయి, వాటి కోసం ఎంట్రీ వేయొద్దు.

తేడాని రెండుతో భాగిస్తే వచ్చిన మొత్తంతో ఏదైనా ఎంట్రీ ఉంటే డెబిట్‌కి బదులు క్రెడిట్ పడి ఉండొచ్చు, తొమ్మిదితో భాగింపబడితే అంకెలు తారుమారై ఉండొచ్చు. ఇవి చేతితో వేసిన ఎంట్రీలకు పనికొస్తాయి, ఫైలు ద్వారా వచ్చినవాటికి కాదు.

సమస్య: తేడా సున్నా, అయినా కస్టమర్ ఫిర్యాదు వచ్చింది

నేను ఇదంతా రాస్తున్నది దీని కోసమే, ఎందుకంటే ఇందులో నేనే ఒకసారి దెబ్బ తిన్నాను, నా వల్ల ఒక రైతు రెండు వారాలు ఇబ్బంది పడ్డాడు.

గుంటూరు మిర్చి యార్డు దగ్గర మా బ్యాంకు ఏటీఎం ఒకటి ఉంది. సీజన్లో అక్కడ తీసేవాళ్లలో ఎక్కువమంది ఒకే మొత్తం తీస్తారు, పదివేలు. 2025 మార్చి 4, మంగళవారం సాయంత్రం అక్కడ జరిగింది ఇది. మరుసటి రోజు పొద్దున జీఎల్, మెషీన్ తనంతట తాను రాసుకునే లాగ్ ఈజే, క్యాష్ లెక్క మూడూ పైసాతో సహా కలిశాయి, ఆ మెషీన్‌ని పది నిమిషాల్లో ముగించి పక్కకి వెళ్లాను. 12వ తేదీ, బుధవారం బ్రాంచి నుంచి ఫోను. సత్తెనపల్లి వైపు రైతు ఒకాయన వచ్చి కూర్చున్నాడు, పదివేలు కట్ అయ్యాయి, నోట్లు రాలేదంటున్నాడు. నేను చూశాను. జీఎల్‌లో డెబిట్ ఉంది, దాని పక్కన ఈజేలో నోట్లు బయటకొచ్చిన ఎంట్రీ ఉంది, రెండూ మ్యాచ్ అయినట్టు పచ్చరంగులో ఉన్నాయి. క్యాష్ లెక్కలో ఎక్కువ కూడా లేదు. "సక్సెస్‌ఫుల్ అండి, డబ్బు వెళ్లింది" అని చెప్పేశాను. ఆయన ఫోన్లో నాతోనే మాట్లాడాడు: "అయ్యా, కూలీలకి ఇవ్వడానికి తీశాను, నోట్లు వస్తే నాకు తెలీదా?" ఆ మాట మనసులో ఉండిపోయి శనివారం ఈజేని లైను లైనుగా చదివాను. ఇదీ కనిపించింది:

```
18:12:40 RRN 506318004127
AMT 10000.00  RESP 00
NOTES PRESENTED 0
DISPENSE ERROR

18:21:05 RRN 506318004133
AMT 10000.00  RESP 00
NOTES PRESENTED 20
NOTES TAKEN
```

మొదటిది రైతుది. ఖాతాలో డెబిట్ పడింది, మెషీన్ నోట్లు ఇవ్వలేకపోయింది, ఆ సంగతి స్విచ్‌కి చేరలేదు, కాబట్టి రివర్సల్ కాలేదు. రెండోది తొమ్మిది నిమిషాల తర్వాత వచ్చిన ఇంకొకరిది. ఐదువందల నోట్లు ఇరవై చేతికి వచ్చాయి, కానీ ఇచ్చానన్న మెసేజ్ స్విచ్‌కి చేరలేదు, స్విచ్ కాసేపు చూసి డెబిట్‌ని రివర్స్ చేసేసింది. రెండింటికీ కారణం ఆ సాయంత్రం లైను తెగుతూ కలుస్తూ ఉండటమే. అందుకే ఇలాంటివి జంటగా రావడం అరుదేమీ కాదు. లింకు బాగాలేని రోజున ఒకే మెషీన్లో ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ పక్కపక్కనే పుడతాయి.

ఇప్పుడు లెక్క చూడండి. రైతు వల్ల మెషీన్లో పదివేలు ఎక్కువ ఉండాలి, రెండో ఆయన వల్ల పదివేలు తక్కువ ఉండాలి. కలిపితే సున్నా. క్యాష్ లోడ్ చేసేవాళ్లు లెక్కపెడితే పుస్తకంతో సరిగ్గా సరిపోతుంది. జీఎల్‌లో రెండో ఆయన డెబిట్, రివర్సల్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, మిగిలేది రైతు ఎంట్రీ ఒక్కటే. ఈజే విజయవంతమైన లిస్టులో రైతుది ఉండదు, రెండో ఆయనది ఒంటరిగా మిగులుతుంది. ఒకే మెషీన్, ఒకే తేదీ, ఒకే మొత్తం. మా టూల్ మొదటి రౌండులో ప్రతి లావాదేవీకి విడిగా ఉండే నంబరు ఆర్‌ఆర్‌ఎన్ చూస్తుంది, అక్కడ కలవనివాటిని రెండో రౌండులో మెషీన్ నంబరు, తేదీ, మొత్తం చూసి కలిపేస్తుంది. అలా రైతు డెబిట్‌ని ఇంకొకరి నోట్లతో జత కట్టింది, నేను దాన్ని చూడకుండా ఓకే చేశాను.

ఎలా పట్టుకోవాలి

షిఫ్టు మొదట్లో, ఆటో మ్యాచ్ అవగానే, కలవనివాటి మీదకి పోకముందు కలిసినవాటిని ఒకసారి చూడండి. మామూలుగా అందరం నేరుగా మిగిలినవాటి దగ్గరకే వెళ్తాం, ఈ తప్పేమో కలిసినవాటి మధ్యలో కూర్చుని ఉంటుంది. మ్యాచ్ అయిన లిస్టుని ఎక్సెల్‌లోకి దించి, B కాలమ్‌లో జీఎల్ ఆర్‌ఆర్‌ఎన్, F కాలమ్‌లో ఈజే ఆర్‌ఆర్‌ఎన్ పెట్టి ఇది వేయండి:

```
=SUMPRODUCT(--(TRIM(B2:B500)<>TRIM(F2:F500)))
```

సున్నా వస్తే సరే. ఒకటి వచ్చినా ఆ వరస తెరిచి చూడాలి. ఆర్‌ఆర్‌ఎన్ కాలమ్‌లని ఫైలు తెరిచేటప్పుడే టెక్స్ట్‌గా తీసుకోండి, లేకపోతే పన్నెండంకెల నంబరు 5.06E+11 లాగా కనిపిస్తుంది, కళ్లతో పోల్చలేరు.

కొన్ని మెషీన్ల ఈజేలో ఆర్‌ఆర్‌ఎన్ ఖాళీగా వస్తుంది, రెండో రౌండు పెట్టిందే వాటి కోసం, కాబట్టి దాన్ని పూర్తిగా ఆపించలేం. మేం చేసిన మార్పు ఏమిటంటే, ఆ మెషీన్లో ఆరోజు అదే మొత్తం ఒకసారికి మించి ఉంటే రెండో రౌండు జత కట్టకుండా మా ముందు పెడుతుంది. అప్పుడు సమయం చూస్తాం. జీఎల్‌కీ ఈజేకీ రెండు నిమిషాలకి మించి తేడా ఉంటే ఆ జత నమ్మకూడదు. పై ఉదాహరణలో తొమ్మిది నిమిషాలు ఉంది, చూసి ఉంటే ఐదో తేదీ పొద్దున్నే దొరికేది.

ఇంకో గుర్తు కూడా ఉంది. జీఎల్‌లో రివర్సల్ పడిన ప్రతి ఆర్‌ఆర్‌ఎన్‌నీ ఈజేలో వెతకండి. రివర్సల్ అయి, అక్కడ NOTES TAKEN అని ఉంటే అది షార్టేజ్, దాని జోడీ ఎక్కడో ఉండే అవకాశం ఉంది. రోజుకి ఒక మెషీన్‌కి రివర్సల్స్ కొద్దిగానే ఉంటాయి, టైమేమీ పట్టదు.

ఎలా సరిచేయాలి

తప్పు జత విడగొట్టి రెండు వేర్వేరు ఐటమ్‌లుగా తెరవండి. రైతుది: ఏటీఎం క్యాష్ జీఎల్ డెబిట్, ఆయన ఖాతా క్రెడిట్, ఈజే కాపీ జతచేసి. రెండో ఆయనది: ఖాతాదారుకి ఈజే ఆధారం చూపించి, ఆఫీసరు ఆమోదంతో ఆయన ఖాతా డెబిట్, క్యాష్ జీఎల్ క్రెడిట్. వేరే బ్యాంకు కార్డయితే ఎన్‌పీసీఐ డిస్ప్యూట్ సిస్టమ్ ద్వారానే వెళ్లాలి. మొత్తం ఒకటే కదా అని రెండో ఆయన ఖాతా నుంచి నేరుగా రైతు ఖాతాకి ఒకే ఎంట్రీ మాత్రం వేయకండి. రేపు ఇద్దరిలో ఒకరు వివాదం లేపితే ఎవరిది ఎక్కడ ముగిసిందో చూపించలేరు. రైతు డబ్బు కోసం రెండో ఆయన రికవరీ దాకా ఆగడం కూడా తప్పే, దానికీ దీనికీ సంబంధం లేదు.

మేం రైతుకి 17వ తేదీ, సోమవారం జమ చేశాం. 2019 సెప్టెంబరు 20 నాటి ఆర్‌బీఐ సర్క్యులర్ ప్రకారం ఇలాంటి ఏటీఎం ఫెయిల్యూర్‌ని లావాదేవీ రోజు తర్వాత ఐదు రోజుల్లో, కస్టమర్ అడగకుండానే తిప్పి వేయాలి, దాటితే రోజుకి వంద రూపాయల పరిహారం. ఐదో రోజు 9వ తేదీ, కాబట్టి ఎనిమిది రోజులకి 800 కూడా ఆయన ఖాతాలో వేశాం. ఆయన ఫోన్ చేసినప్పుడే గడువు దాటి మూడు రోజులైంది, మిగతా ఐదు రోజులు నేను సక్సెస్‌ఫుల్ అని చెప్పిన తర్వాత పెరిగినవి.

క్యారీ ఫార్వర్డ్ చేసేటప్పుడు

రెండో ఆయన డబ్బు ఆరోజే రాలేదు, అది తేడాగా ముందుకు వెళ్లింది. ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతాయి. ఒకటి, మెషీన్‌వారీగా నికర మొత్తం ఒక్క లైన్లో రాయడం. ఎక్కువ, తక్కువ కలిపేసిన లైను మళ్లీ అదే తప్పు పుట్టిస్తుంది. ప్రతి ఐటమ్‌కీ ఆర్‌ఆర్‌ఎన్, మెషీన్ నంబరు, మొత్తం, ఎక్కువా తక్కువా, ఎవరి దగ్గర నుంచి ఏం రావాలి అన్నది విడిగా రాయాలి. రెండోది, నిన్నటి ఐటమ్‌ని ఈరోజు షీట్లోకి కాపీ చేసేటప్పుడు తేదీ కూడా ఈరోజుది పడటం. అప్పుడు ఎప్పుడు చూసినా ఆ ఐటమ్ వయసు ఒక రోజే, గడువు దాటినా ఎవరికీ కనిపించదు. మూల తేదీకి ఒక కాలమ్ పెట్టి దాన్ని లాక్ చేయండి. తేదీ పోయిన పాత ఐటమ్ ఉంటే మా స్విచ్‌లో ఆర్‌ఆర్‌ఎన్ మొదటి నాలుగంకెలు సాయం చేస్తాయి: 5063 అంటే 2025లో 63వ రోజు, అంటే మార్చి 4.

మిగతావి

ఫైలు రెండుసార్లు లోడ్ అవ్వడం, నోట్లు మెషీన్ వెనక్కి లాక్కున్న కేసులు, క్యాసెట్‌లో వేరే విలువ నోట్లు పెట్టడం కూడా ఉంటాయి, కానీ అరుదు. పైగా ఇవన్నీ తేడాగా బయటికి కనిపిస్తాయి కాబట్టి దొరుకుతాయి. రెండో ఆయన ఐటమ్ 04/03 తేదీతోనే మా షీట్లో పందొమ్మిది రోజులు ఓపెన్‌గా ఉండి, డబ్బు జమయ్యాక ముగిసింది.