ఈ-బీఆర్‌సీ తయారు చేసే ముందు: రూపాయలు సరిపోయాయని సంతకం చేయకండి

మిర్చి ఎగుమతి చేసే ఒక సంస్థకు ఈ మధ్య కస్టమ్స్ నుంచి నోటీసు వచ్చింది. కస్టమ్స్‌కు ఇచ్చిన ఎగుమతి పత్రాలైన పాత షిప్పింగ్ బిల్లులలో కొన్నింటికి సొమ్ము పూర్తిగా రాలేదనీ, సుంకం వాపసుగా తీసుకున్న డ్రాబ్యాక్‌ను ఆ మేరకు వడ్డీతో తిరిగి కట్టాలనీ దాని సారాంశం. సంస్థ లెక్కల పుస్తకంలో మాత్రం ఆ బిల్లులన్నిటికీ రావలసిన దానికంటే ఎక్కువే వచ్చినట్లు ఉంది. వచ్చిన మొత్తాన్ని రూపాయల్లో సరిచూడటమే ఇందుకు కారణం. ఆర్థిక సంవత్సరాంతంలో ఎగుమతి సొమ్ము అందినట్లు చూపే ధ్రువపత్రమైన ఈ-బీఆర్‌సీలు తయారు చేసి పాత బిల్లులను హడావుడిగా ముగించే వారందరూ ఈ ఒక్క విషయం దగ్గర ఆగవలసి ఉంది.

పత్రాలలో అంకెలు ఎక్కడి నుంచి వస్తాయి

షిప్పింగ్ బిల్లులోని రూపాయల విలువను కస్టమ్స్ శాఖ నెలకు రెండుసార్లు ప్రకటించే మారకపు రేటుతో కడతారు. బ్యాంకు మీ ఖాతాలో జమ చేసే రూపాయలు సొమ్ము మార్చిన రోజు బ్యాంకు ఇచ్చిన రేటుతో వస్తాయి. సరుకు ఓడెక్కిన నాటికీ డబ్బు చేతికందిన నాటికీ మధ్య నెలలు గడుస్తాయి కనుక ఈ రెండు అంకెలు కలవవు. కలిస్తే అది యాదృచ్ఛికమే. అందువల్ల సరిచూడవలసింది ఇన్‌వాయిస్ ఏ విదేశీ కరెన్సీలో ఉందో ఆ కరెన్సీలోనే.

పైగా, ఇప్పుడు ఈ తప్పును బ్యాంకు మీదికి నెట్టలేము. విదేశీ వాణిజ్యాన్ని చూసే కేంద్ర సంస్థ డీజీఎఫ్‌టీ 2023 నవంబరులో తెచ్చిన పద్ధతి ప్రకారం బ్యాంకు పంపేది విదేశం నుంచి డబ్బు వచ్చిందన్న సందేశం మాత్రమే. దానినే ఐఆర్‌ఎం అంటున్నాము. దానిని ఏ షిప్పింగ్ బిల్లుకు ఎంత మేరకు జత చేయాలో, అందులో ఓడెక్కించే వరకు సరుకు విలువ అయిన ఎఫ్‌ఓబీ ఎంతో, ఓడ కిరాయి ఎంతో, బీమా ఎంతో నింపి ధ్రువీకరించేది ఎగుమతిదారే.

ఒక బిల్లును విప్పి చూద్దాం

లెక్క సులువుగా సాగేందుకు అంకెలను కొంత సర్ది ఇస్తున్నాను. గుంటూరు నుంచి చెన్నై రేవు మీదుగా వెళ్లిన ఎండుమిర్చికి కిరాయి, బీమా కలిపి ధర కట్టే సీఐఎఫ్ పద్ధతిలో 50,000 డాలర్ల ఇన్‌వాయిస్ ఉంది. అందులో ఓడ కిరాయి 1,500, బీమా 100 పోగా ఎఫ్‌ఓబీ విలువ 48,400 డాలర్లు. షిప్పింగ్ బిల్లులో కస్టమ్స్ రేటు 83 రూపాయలు కనుక ఇన్‌వాయిస్ మొత్తం రూ. 41,50,000 అయింది. కొనుగోలుదారు తాలు ఎక్కువగా ఉందంటూ 1,000 డాలర్లు తగ్గించి పంపాడు. మధ్యలో ఉన్న విదేశీ బ్యాంకు తన రుసుము కింద మరో 40 డాలర్లు పట్టుకుంది. ఇక్కడి బ్యాంకుకు చేరినది 48,960 డాలర్లు, ఆనాటి రేటు 86 రూపాయలు; ఖాతాలో పడినది రూ. 42,10,560.

గుమస్తా రూపాయల గడులు రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. రావలసిన దానికంటే రూ. 60,560 ఎక్కువ వచ్చిందని బిల్లు ముగిసినట్లు రాసుకున్నాడు. నిజానికి 1,040 డాలర్లు తక్కువ. రూపాయి బలహీనపడటం వల్ల వచ్చిన లాభం ఆ లోటును కప్పేసింది.

డాలర్లలో చూసినవారు కూడా ఇంకొక చోట జారిపడతారు. వచ్చిన 48,960 డాలర్లు ఎఫ్‌ఓబీ విలువ అయిన 48,400 కంటే ఎక్కువే కదా అనుకుంటారు. వచ్చిన దానిలోంచి కిరాయి, బీమా 1,600 డాలర్లు తీసివేస్తే గాని ఎఫ్‌ఓబీ కింద ఎంత వచ్చిందో తెలియదు. అది 47,360 మాత్రమే. మొత్తాన్ని మొత్తంతో, ఎఫ్‌ఓబీని ఎఫ్‌ఓబీతో, డాలరును డాలరుతో పోల్చాలి. రూపాయల్లో సరిచూడకూడదు.

లోటును విడదీయడం

1,040 డాలర్లను ఒకే ముద్దగా చూడకూడదు, ఎందుకంటే రెండు భాగాలకూ వేర్వేరు కాగితాలు కావాలి. బ్యాంకు పట్టుకున్న 40 డాలర్లకు సాక్ష్యం స్విఫ్ట్ సందేశం. పాత ఎంటీ103 నమూనాలో 33B గడి కొనుగోలుదారు పంపమన్న మొత్తాన్ని, 71F గడి కోతను, 32A గడి చివరికి చేరిన మొత్తాన్ని చూపుతాయి. కొత్త నమూనాలో ఇవే `InstdAmt`, `ChrgsInf`, `IntrBkSttlmAmt` పేర్లతో ఉంటాయి. పంపమన్న మొత్తమే 49,000 అని కనబడితే ఆ వెయ్యి డాలర్లు ఏ బ్యాంకూ పట్టుకోలేదని, కొనుగోలుదారే తగ్గించాడని తేలిపోతుంది. ఈ సందేశం నకలు బ్యాంకు అడిగితేనే ఇస్తుంది, అడగనివారు చాలామంది.

ఆ 1,000 డాలర్లు ధర తగ్గింపు. కొనుగోలుదారు క్లెయిమ్ లేఖ, డెబిట్ నోట్ జత చేసి, సొమ్ము రావలసిన గడువు దాటకముందే బ్యాంకుకు దరఖాస్తు పెట్టి, ఇన్‌వాయిస్ విలువ తగ్గింపును ఎగుమతి సొమ్ము రాకను గమనించే రిజర్వు బ్యాంకు వ్యవస్థ ఈడీపీఎంఎస్‌లో నమోదు చేయించాలి. అంతమాత్రాన తగ్గిన విలువపై తీసుకున్న డ్రాబ్యాక్ మన దగ్గరే ఉండిపోతుందనుకోవద్దు. ఈ ఉదాహరణలో ఎఫ్‌ఓబీ సుమారు 2 శాతం తగ్గింది కనుక తీసుకున్న డ్రాబ్యాక్‌లోనూ అంత శాతం తిరిగి కట్టవలసి వస్తుంది. జీఎస్టీ రీఫండ్ తీసుకున్నవారికి 96బి నిబంధన కూడా ఉంది: గడువులోగా రాని సొమ్ము మేరకు రీఫండును, గడువు ముగిసిన 30 రోజుల్లోగా వడ్డీతో జమ చేయాలి.

సంతకానికి ముందు

షిప్పింగ్ బిల్లును నంబరుతో మాత్రమే వెతకవద్దు. నంబరు, తేదీ, పోర్టు కోడ్ మూడూ కలవాలి. చెన్నై ఓడరేవుకు `INMAA1`, విశాఖకు `INVTZ1`.

కిరాయిని ఇన్‌వాయిస్ నుంచి కాక షిప్పింగ్ బిల్లు నుంచే తీసుకోండి. రెండింటిలో తేడా ఉంటే ముందు కారణం తేల్చండి. షిప్పింగ్ బిల్లే తప్పయితే కస్టమ్స్ చట్టం 149వ సెక్షన్ కింద సవరణ కోరండి. ధ్రువపత్రంలో అంకె సర్ది సరిపెట్టకండి.

ఒకే ఐఆర్‌ఎం నాలుగు బిల్లులకు వచ్చినప్పుడు ప్రతి జతకూ మిగిలిన డాలర్లు రాసుకోండి. చివరి బిల్లుకు చాలకపోతే లోటు ఆ బిల్లుదేనని అనుకోకండి; మొదటి మూడింటినీ మళ్లీ చూడండి.

ముందస్తుగా వచ్చిన సొమ్ముకు పర్పస్ కోడ్ `P0103` ఉందో లేదో చూడండి. లేకపోతే జత చేసే ముందే బ్యాంకు చేత మార్పించండి.

లోటు పూడ్చడానికి ఇంకో ఇన్‌వాయిస్ సొమ్మును ఇటు తిప్పకండి.

సొమ్ము వచ్చాక ఇన్‌వాయిస్ తిరగరాయకండి.

కొనుగోలుదారు కాక వేరే పేరుతో డబ్బు వస్తే బ్యాంకు ఒప్పుకున్నట్లు కాగితం చేతికి వచ్చేదాకా ఆగండి.

ట్యాలీలో మారకపు లాభం ఖాతా పెరిగిన ప్రతి బిల్లునూ విడిగా తీసి డాలర్లలో చూడండి. లోటు దాక్కునేది ఆ ఖాతాలోనే.

గుమస్తా ఇచ్చే పట్టికలో రూపాయల గడి ఉంటే దానిని తీసివేయించి, విదేశీ కరెన్సీ అంకెలతోనే పట్టిక మళ్లీ తెమ్మనండి. అది వచ్చేవరకు సంతకం చేయవద్దు.