అద్దెకున్నవారు మీ ‘సారీ’ని నమ్మడం లేదా? బాత్రూమ్ లీకేజీ రిపేరు విషయంలో చేయాల్సింది

సమస్య: అటాచ్డ్ బాత్రూమ్ పక్కనున్న బెడ్‌రూమ్ గోడకు చెమ్మ. ‘రెండు రోజుల్లో అయిపోతుంది’ అని ఇప్పటికే రెండు మూడుసార్లు చెప్పారు. ఇప్పుడు మెసేజ్ పెడితే జవాబు రావడం లేదు, లేదా ‘సరేలెండి’ అని మాత్రమే వస్తోంది.

కారణం: మేస్త్రీ చెప్పే రెండు రోజులు చేతిపనికి పట్టే సమయమే. కోటింగ్ ఆరడం, నీళ్లు నిలిపి చూడడం అందులో ఉండవు. ఆ మాటనే మీరు అద్దెకున్నవారికి అప్పజెబితే గడువు తప్పక తప్పుతుంది.

ముందు లీకు ఎక్కడో తేల్చండి. ఆ బాత్రూమ్‌కు వచ్చే నీళ్ల వాల్వ్ కట్టేసి, రెండు రోజులు అక్కడ నీళ్లు వాడొద్దనండి. వాల్వ్ తెరిచాక, ఎవరూ స్నానం చేయకపోయినా చెమ్మ పెరిగితే గోడలోని పైపు అనుమానించాలి. స్నానం చేశాకే పెరిగితే నేల మీది నీళ్లు బయటికి పోయే నహానీ ట్రాప్ చుట్టూనో టైల్స్ సందుల్లోనో దిగుతోందని అర్థం. ఇది తెలియకుండా తేదీలు ఇవ్వకండి.

పరిష్కారం: ట్రాప్ దగ్గరే లీకని తేలిందనుకుందాం. మెసేజ్ ఇలా ఉండొచ్చు:

> నమస్తే అండీ. మార్చిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి మేస్త్రీ వస్తాడని చెప్పి పంపలేకపోయాను. మీరు సెలవు పెట్టుకుని ఎదురుచూశారు. తప్పు నాదే, క్షమించండి. జూన్ 3 ఉదయం 9కి పని మొదలు. 3, 4: టైల్స్ తీసి ట్రాప్ మార్చడం, చుట్టూ సిమెంటు పూడ్చడం. 5, 6: రెండు కోట్ల వాటర్‌ప్రూఫింగ్. 7, 8, 9: ఆరనివ్వడం, పనివాళ్లు రారు. 10 నుంచి 12 ఉదయం వరకు నీళ్లు నిలిపి చూడడం. 12, 13: టైల్స్. 14: సందులు నింపడం. 16 నుంచి వాడుకోవచ్చు. అంతవరకు కామన్ బాత్రూమ్ వాడుకోండి. ఈ నెల అద్దెలో 2,000 తగ్గించి పంపండి. గోడకు రంగు జూలై 20 తర్వాతే.

‘పనివాళ్లు రారు’ అని రాయడం చాలా ముఖ్యం. ఆ ముక్క లేకపోతే 7వ తేదీన ఖాళీ బాత్రూమ్ చూసి మళ్లీ మోసమే అనుకుంటారు. ఎన్నాళ్లు ఆరాలో కోటింగ్ డబ్బా మీద ఉంటుంది, దాన్ని బట్టి తేదీలు సర్దుకోండి. నీళ్లు నిలిపేటప్పుడు ట్రాప్ మూసి అంగుళం ఎత్తు నింపి, 48 గంటలు గోడను గమనించాలి. చెమ్మ పెరిగితే టైల్స్ వేయకుండా మళ్లీ కోటింగ్ వేయాలి. అలా జరిగితే గడువు ఇంకో వారం వెనక్కి వెళ్తుందని ముందే చెప్పేయండి. తడి గోడకు పుట్టీ పూస్తే వానాకాలం దాటకముందే బుడగలొచ్చి రాలిపోతుంది, అందుకే రంగు అంత ఆలస్యం.

తేదీ తప్పేలా ఉంటే: ముందురోజు సాయంత్రమే చెప్పి, అదే మెసేజ్‌లో కొత్త తేదీ ఇవ్వండి. ‘మేస్త్రీ ఫోన్ ఎత్తడం లేదు’ అన్నది సంజాయిషీ కిందికి రాదు. ఇంకో సంగతి: ఇంటి యజమాని చేయాల్సిన రిపేరును నోటీసు ఇచ్చాక కూడా తగిన సమయంలో చేయకపోతే, అద్దెకున్నవారే చేయించుకుని ఆ ఖర్చు అద్దెలో మినహాయించుకోవచ్చని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ అంటోంది, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప.