ప్రాంగణ నియామకాల ఆహ్వాన లేఖ: జీతం వరుస రాసేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు

గత ఏడాది మా కళాశాల నుంచి ఒకే కంపెనీకి ఎంపికైన పదకొండు మందిలో నలుగురు ఇటీవల చెన్నైలో ఉద్యోగం వదిలి నెల్లూరికి తిరిగి వచ్చేశారు. వారిలో ఒకరి తండ్రి, బుచ్చిరెడ్డిపాలెంలో కిరాణా కొట్టు నడిపే ఆయన, కొడుకు జీతపు చీటీని కళాశాలలో నియామకాలు చూసే నా బల్ల మీద పెట్టి, "ఏడాదికి నాలుగు లక్షలంటిరి గదా సార్, ఇందులో ఇరవై వేల చిల్లరే ఉండాదే" అన్నారు. కంపెనీ రాసినదానిలో అబద్ధమేమీ లేదు. వారు స్పష్టత లేకుండా రాశారు, నేను అడగకుండా నోటీసు బోర్డులో పెట్టాను.

కంపెనీ మాకు పంపిన ఆహ్వాన లేఖలో జీతం గురించి ఉన్నది ఒకే వరుస: "జీతం ఏడాదికి 4 నుంచి 6.5 లక్షలు." విద్యార్థి నాలుగు లక్షలను పన్నెండుతో భాగించి నెలకు ముప్పై మూడు వేలు అనుకున్నాడు. ఆ నాలుగు లక్షలలో పనితీరును బట్టి ఇచ్చే 40,000, రెండేళ్లు నిలిస్తేనే చేతికందే బోనస్ 50,000, కంపెనీ వాటాగా కట్టే భవిష్యనిధి 21,600, గ్రాట్యుటీ కింద సుమారు 8,650, ఆరోగ్య బీమా కింద 6,000 ఉన్నాయి. ఈ లక్షా ఇరవై ఆరు వేలు పోగా నెలకు దాదాపు 22,800 మిగులుతుంది. అందులోంచి ఉద్యోగి భవిష్యనిధి వాటా 1,800, వృత్తి పన్ను సుమారు 200 పోతే చేతికి వచ్చేది దాదాపు 20,800. చెన్నైలో గది అద్దె, భోజనం పోగా ఇంటికి పంపేందుకు ఏమీ మిగలదు.

మా దగ్గరా, చాలా కళాశాలల్లోనూ ఒక ఉద్యోగానికి ఎంపికైన విద్యార్థిని తరువాతి కంపెనీల వరుసలో నిలబడనివ్వరు. కాబట్టి తప్పుగా అర్థమైన ఒక్క అంకె వల్ల ఆ పిల్లవాడు, కొద్ది వారాల తరువాత నెలకు పాతిక వేలు నికరంగా ఇవ్వడానికి వచ్చిన కంపెనీకి దరఖాస్తు కూడా చేయలేకపోయాడు. నష్టమంతా అక్కడే జరిగింది. అందుచేత ఆహ్వాన లేఖ పంపేవారు మొదట రాయవలసినది ఏడాది మొత్తం కాదు, చేతికి వచ్చే నెల జీతం.

పరిధి రాయడమే తప్పని నేననను, కానీ పరిధిలో ఏ చివర ఎవరికన్నది లేకపోతే చదివేవారందరూ పై అంకెనే చూస్తారు. మాకు వచ్చిన లేఖలో 6.5 లక్షలన్నది కోడింగ్ పరీక్షలో ప్రత్యేక అర్హత సాధించినవారికి మాత్రమేనని ఇంటర్వ్యూ రోజున తెలిసింది. పదకొండు మందికీ వచ్చింది నాలుగే. ఇలా రాసి ఉంటే సరిపోయేది: "ట్రెయినీ ఇంజనీరు, 11 ఖాళీలు, చెన్నై, నెలకు స్థూల జీతం రూ. 22,800, కోతలు పోగా సుమారు రూ. 20,800. డెవలపర్, 2 ఖాళీలు, రెండో దశ కోడింగ్ పరీక్ష నెగ్గినవారికి మాత్రమే, జీతం విడిగా." రెండో ఉద్యోగానికీ అదే లెక్క వేరే వరుసలో రావాలి.

నైపుణ్యాల విషయంలో ఇంత చెప్పనక్కరలేదు. "జావా తెలిసి ఉండాలి" అని కాక, పరీక్షలో ఏమడుగుతారో రాయండి: ఒక చిన్న ప్రోగ్రాము, రెండు పట్టికలు కలిపే ఎస్‌క్యూఎల్ ప్రశ్న, ఇంగ్లీషులో ఐదు నిమిషాల మాట. మేము దాన్ని బట్టే పిల్లలను తయారు చేస్తాము.

ఇక మిగిలినవి వరుసగా చెబుతాను.

శిక్షణ కాలపు భృతి వేరుగా ఉంటే, ఎన్ని నెలలో, నెలకు ఎంతో రాయండి. ఒప్పందపు బాండు ఉంటే మొదటి లేఖలోనే మొత్తంతో సహా రాయండి, ఆఫరు లేఖ వచ్చాక కాదు. నెల్లూరు ఇంజనీరింగ్ కళాశాలలు అనంతపురం జేఎన్‌టీయూ కిందివి, ఒంగోలువి కాకినాడవి. విశ్వవిద్యాలయ పరీక్షల తేదీలు వేరు, రెండు చోట్లా నియామకాలు ఒకే వారం పెట్టుకోకండి. బ్యాక్‌లాగు ఉన్నవారిని తీసుకుంటారో లేదో ఒక్క మాటలో చెప్పండి. కట్టవలసిన రుసుము ఏదైనా ఉందంటే ఆ లేఖ నేను చదవను. కంపెనీ సొంత డొమైన్ లేని మెయిలుకు జవాబివ్వను.

నాలాంటి అధికారులకు: చేతికి వచ్చే నెల జీతం లేఖలో లేకపోతే నోటీసు పెట్టకండి. ఫోనులో చెప్పారని పెట్టకండి. "తరువాత వివరిస్తాం" అంటే వివరించాకే తేదీ ఇవ్వండి. జీతపు చీటీ నమూనా ఒకటి అడగండి, అది ఇవ్వని కంపెనీకి సభామందిరం తాళం తీయకండి.